అప్పటి ధ్రువుడు వేరు, ఇప్పటి ధ్రువుడు వేరు

బెజవాడలో ఏ కల్యాణ మండపంలోనైనా కనిపించే దృశ్యమే ఇది. తలంబ్రాల సందడి అయ్యాక పురోహితుడు కొత్త జంటను బయటికి తీసుకొచ్చి, పైకి వేలు చూపించి, అదిగో అరుంధతి అంటాడు. కొందరు దాంతోపాటు అదిగో ధ్రువుడు అని కూడా అంటారు. అప్పుడు టైము పగలు పదకొండు గంటలు, ఎండ నెత్తి మాడుస్తూ ఉంటుంది, నక్షత్రం కాదు కదా కళ్ళు తెరిచి ఆకాశం వైపు చూడడమే కష్టం. జంట బుద్ధిగా తలూపుతుంది, ఫొటోగ్రాఫర్ "ఇంకోసారి వేలు చూపించండి" అని అడుగుతాడు, అంతటితో ధ్రువ దర్శనం పూర్తవుతుంది.

రాత్రి ముహూర్తమే అయి, కరెంటు దీపాలు లేని పల్లెలో పెళ్ళే జరిగినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. ఇవాళ మనం చూపిస్తున్న ధ్రువ నక్షత్రం, అంటే పొలారిస్, ఆ మంత్రాలు పుట్టిన రోజుల్లో ధ్రువంగా లేదు. ఆ కాలంలో అది ధ్రువం దగ్గర కాక చాలా దూరంగా, మిగతా చుక్కల్లాగే రాత్రంతా పెద్ద చక్రం చుడుతూ ఉండేది. అప్పుడు ధ్రువం దగ్గర ఎవరున్నారు, ఇకముందు ఎవరొస్తారు అన్నది లెక్క వేసి చెప్పగలిగిన విషయం, పైగా ఆ లెక్కకి కూడికలు, తీసివేతలు, గుణకారాలు వస్తే చాలు.

ముందు ధ్రువం అంటే ఏమిటో తేల్చుకోవాలి, ఎందుకంటే సగం గందరగోళం ఇక్కడే. ధ్రువం అనేది నక్షత్రం కాదు, ఆకాశంలో ఒక చోటు. భూమి తన చుట్టూ తాను తిరిగే ఇరుసుని ఉత్తరం వైపు అలా సాగదీసుకుంటూ పోతే ఆకాశంలో ఎక్కడ తగులుతుందో అదే ఉత్తర ధ్రువ బిందువు. ఆకాశమంతా రాత్రిపూట దాని చుట్టూనే తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. విజయవాడ అక్షాంశం దాదాపు 16.5 డిగ్రీలు, గుంటూరుది 16.3. కాబట్టి ఇక్కడి నుంచి చూస్తే ఆ బిందువు ఉత్తర దిక్కున, నేల అంచుకి పైన సరిగ్గా అంతే ఎత్తులో ఉంటుంది. చెయ్యి ముందుకి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. అంటే ఒక పిడికిలి మీద ఇంకో ముక్కాలు పిడికిలికి కొంచెం తక్కువ పెడితే అక్కడే ధ్రువం. బెజవాడలో ఆ ఎత్తులో సాధారణంగా ఏదో ఒక అపార్ట్‌మెంటో, హోర్డింగో, కొండో అడ్డం ఉంటుంది, అది వేరే సంగతి. ఉత్తరం వైపు ఖాళీగా ఉన్న పొలంలోకి వెళితే దొరుకుతుంది.

ఈ ఎత్తు మారదు. ఐదు వేల ఏళ్ళ కిందటా అంతే, ఇంకో పది వేల ఏళ్ళ తర్వాతా అంతే, ఎందుకంటే అది ఊరి అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. భూమి ఇరుసు దిక్కు మారుతుంది అనగానే చాలామంది ఉత్తర ధ్రువం నేల మీద జరిగి రష్యాకో కెనడాకో పోతుంది అనుకుంటారు, అది తప్పు. ఇరుసు భూమిలో ఉన్న చోటే ఉంటుంది, భూమి మొత్తం ఇరుసుతో సహా ఆకాశంలో వేరే వైపుకి వాలుతుంది. మన ఊళ్ళో ఉత్తరాన అదే ఎత్తులో అదే బిందువు ఉంటుంది, ఆ బిందువు వెనకాల ఉండే చుక్క మాత్రం మారిపోతుంది.

ఇప్పుడు అక్కడ పొలారిస్ ఉంది, అది కూడా సరిగ్గా అక్కడే కాదు. ధ్రువ బిందువుకి అరడిగ్రీ కంటే కొంచెం ఎక్కువ, సుమారు 0.63 డిగ్రీల దూరంలో ఉంది. చందమామ వెడల్పు అరడిగ్రీ కాబట్టి అది చిన్న దూరమేమీ కాదు. కావాలంటే డాబా మీద పరీక్షించి చూడొచ్చు. పది అడుగుల పొడవున్న అంగుళం పీవీసీ పైపు తీసుకుని, పిట్టగోడకి కదలకుండా కట్టి, పొలారిస్ అందులోంచి కనపడేట్టు గురిపెట్టాలి. ఆ పైపులోంచి చూస్తే దాదాపు అరడిగ్రీ ఆకాశమే కనిపిస్తుంది. మూడు గంటలు ఆగి మళ్ళీ కన్ను పెడితే పైపు ఖాళీ. కదలని నక్షత్రం అని పేరుపడ్డది కదిలిపోయింది. రోజుకొకసారి ధ్రువం చుట్టూ ఒక చిన్న చక్రం కొడుతుంది, మామూలు కంటికి తెలియనంత చిన్న చక్రం కాబట్టి ధ్రువుడిగా చలామణీ అయిపోతోంది. ఇంకో మాట, అన్నిటికంటే ప్రకాశవంతమైన నక్షత్రం ధ్రువ నక్షత్రమే అనే నమ్మకం ఒకటి ఉంది, అది కూడా నిజం కాదు. ప్రకాశంలో దాని స్థానం దాదాపు యాభై.

మరి ఇరుసు ఎందుకు వాలు మార్చుకుంటోంది? భూమి సరైన గుండు కాకపోవడం వల్ల. గిర్రున తిరిగే వేగానికి నడుము దగ్గర, అంటే భూమధ్యరేఖ దగ్గర, ఉబ్బింది. భూమధ్యరేఖ మీదుగా కొలిచిన వ్యాసం, ధ్రువాల మీదుగా కొలిచిన వ్యాసం కంటే 43 కిలోమీటర్లు ఎక్కువ. విజయవాడ నుంచి గుంటూరుకి వెళ్ళి ఇంకాస్త ముందుకి పోయినంత దూరం. పన్నెండు వేల ఏడు వందల కిలోమీటర్ల బంతికి అదొక లెక్కా అనిపిస్తుంది కానీ, కథంతా ఆ ఉబ్బులోనే ఉంది. భూమి నిటారుగా కాకుండా 23.4 డిగ్రీలు పక్కకి ఒరిగి తిరుగుతోంది కాబట్టి ఆ ఉబ్బు కూడా ఒరిగే ఉంటుంది. చంద్రుడు, సూర్యుడు ఉండేది వేరే తలంలో. వాళ్ళకి దగ్గరగా ఉన్న వైపు ఉబ్బుని కొంచెం ఎక్కువ, అవతలి వైపు ఉబ్బుని కొంచెం తక్కువ లాగుతారు. ఈ తేడా వల్ల భూమిని నిటారుగా నిలబెట్టాలన్నట్టు ఒక మెలి పడుతుంది. భూమి నున్నటి గోళమైతే ఆ మెలి పడేదే కాదు, ధ్రువ నక్షత్రం మారేదీ కాదు.

తిరగని వస్తువైతే ఆ మెలికి నిటారైపోయేది. తిరిగే వస్తువు అలా చెయ్యదు, బొంగరం ఆడినవాళ్ళకి ఈ సంగతి చేతికి తెలుసు. ఒరిగి తిరుగుతున్న బొంగరాన్ని భూమి కిందికి లాగుతూనే ఉంటుంది, అయినా అది వెంటనే పడిపోకుండా, దాని తల గాలిలో నెమ్మదిగా చక్రం గీస్తుంది. లాగిన వైపుకి పోకుండా దానికి అడ్డంగా జరగడం తిరిగే వస్తువు స్వభావం. భూమి ఇరుసు చేస్తున్నదీ అదే. అయితే ఈ బొంగరం పోలిక ఒక దగ్గర తప్పుతుంది, దాన్ని చాలామంది చెప్పకుండా దాటేస్తారు. బొంగరాన్ని పడేయాలని లాగుతుంటే, భూమిని నిలబెట్టాలని లాగుతున్నారు, అంటే మెలి రివర్సు. అందుకే బొంగరం తల తాను తిరిగే వైపుకే చక్రం గీస్తే, భూమి ఇరుసు మాత్రం తిరుగుడికి ఎదురు దిశలో గీస్తుంది.

ఇందులో చంద్రుడి వాటా దాదాపు మూడింట రెండు వంతులు, మిగతాది సూర్యుడిది. మొత్తం లాగుడు చూస్తే సూర్యుడు చంద్రుడి కంటే దాదాపు 180 రెట్లు గట్టిగా లాగుతాడు కదా, మరి చంద్రుడిది పైచేయి ఎలా అయింది అంటే, ఇక్కడ పనికొచ్చేది మొత్తం లాగుడు కాదు, ఇటువైపు ఉబ్బుకీ అటువైపు ఉబ్బుకీ మధ్య ఉన్న తేడా. దగ్గర్లో ఉన్నవాడికి ఆ తేడా ఎక్కువ. సముద్రం పోటుల్లో చంద్రుడిది పెద్ద వాటా కావడానికీ కారణం ఇదే. ఈ వివరణ మొదట ఇచ్చింది న్యూటన్, 1687లో. అంతకు పద్దెనిమిది వందల ఏళ్ళ ముందే గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్ కారణం తెలియకుండానే కదలికను పట్టుకున్నాడు. తన కంటే సుమారు నూట యాభై ఏళ్ళ ముందు టిమోకారిస్ అనే ఆయన చిత్తా నక్షత్రం స్థానాన్ని రాసి పెట్టాడు, సెప్టెంబరులో పగలూ రాత్రీ సమానమైన రోజున సూర్యుడు ఉండే శరద్ విషువ బిందువుకి 8 డిగ్రీల దూరం అని. హిప్పార్కస్ కొలిస్తే 6 డిగ్రీలే వచ్చింది. ఒక మనిషి జీవితంలో బయటపడే తేడా కాదు, పాత కాగితం ఉంది కాబట్టి దొరికింది.

ఇప్పటి లెక్కల ప్రకారం ఒక డిగ్రీకి దాదాపు 71.6 ఏళ్ళు, పూర్తి చుట్టుకి సుమారు 25,800 ఏళ్ళు. దీన్నే మనవాళ్ళు అయనచలనం అంటారు. ఇరుసు 23.4 డిగ్రీల వాలుని దాదాపు అలాగే పట్టుకుని చుట్టు తిరుగుతుంది కాబట్టి, ఆకాశంలో ధ్రువ బిందువు 23.4 డిగ్రీల వ్యాసార్ధంతో పెద్ద వృత్తం గీస్తుంది. ఆ వృత్తం మీద ఒక చుక్క ఉంటే, బిందువు అక్కడికి వచ్చినప్పుడు ఆ చుక్కకి ధ్రువ పదవి. వృత్తంలో చాలా భాగం ఖాళీ, చెప్పుకోదగ్గ చుక్కలేవీ లేవు. ధ్రువ నక్షత్రం లేని కాలమే ఎక్కువ, ఉండడం మన అదృష్టం అనుకోవాలి.

ఇక లెక్క. ప్రతి నక్షత్రానికీ రెండు అంకెలు ఉంటాయి. సూర్యుడు ఏడాది పొడవునా నడిచే దారి క్రాంతివృత్తం. ఆ దారి వెంబడి, మార్చిలో పగలూ రాత్రీ సమానమైన రోజున సూర్యుడు ఉండే వసంత విషువ బిందువు నుంచి ఎన్ని డిగ్రీలు ముందుకి రావాలన్నది మొదటి అంకె, దాన్ని రేఖాంశం అందాం. ఆ దారి నుంచి ఎంత పైకి ఉందన్నది రెండో అంకె, విక్షేపం. Stellarium లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఏ నక్షత్రం మీద నొక్కినా ఇవి Ecl. long./lat. అని కనిపిస్తాయి, పక్కన J2000.0 అని ఉన్నదాన్ని తీసుకోవాలి.

జూన్ 21న సూర్యుడి రేఖాంశం 90 డిగ్రీలు. ఆ రోజున మన ఉత్తర ధ్రువం సూర్యుడి వైపుకి పూర్తిగా వాలి ఉంటుంది, బెజవాడలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఏడు డిగ్రీలు ఉత్తరానికి పోయి మన నీడ దక్షిణానికి పడేది అందుకే. అంటే ఇరుసు ఎప్పుడూ 90 డిగ్రీల రేఖాంశం ఉన్న దిక్కుకే వాలి ఉంటుందన్నమాట. కాబట్టి ఒక నక్షత్రం రేఖాంశం 90 అయినప్పుడు అది ధ్రువానికి దగ్గర దగ్గరగా వచ్చేసినట్టే. అయనచలనం వల్ల ప్రతి నక్షత్రం రేఖాంశమూ 71.6 ఏళ్ళకి ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోతుంది. 90కి ఎంత తక్కువుందో చూసి 71.6తో గుణిస్తే ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో వచ్చేస్తుంది. 90 దాటేసి ఉంటే అన్నేళ్ళ కిందట దాని రోజు అయిపోయిందని.

పొలారిస్‌తో మొదలుపెడదాం. 2000 సంవత్సరానికి దాని రేఖాంశం 88.57 డిగ్రీలు. 90కి 1.43 తక్కువ. 71.6తో గుణిస్తే 102 ఏళ్ళు. అంటే సుమారు 2102లో ధ్రువానికి అతి దగ్గరగా వస్తుంది. ఎంత దగ్గరగా? దాని విక్షేపం 66.1 డిగ్రీలు, 90లోంచి తీసేస్తే 23.9. ధ్రువ బిందువు తిరిగే వృత్తం వ్యాసార్ధం 23.4. తేడా అరడిగ్రీ. పెద్ద కంప్యూటర్ లెక్కలు కూడా 2100 ప్రాంతం అనీ, దూరం 0.45 డిగ్రీలు అనీ చెబుతాయి. చిత్తు కాగితం మీద వేసిన దానికి ఇంతకంటే ఏం కావాలి. ఇప్పుడు పుట్టిన పిల్లల్లో కొందరు ముసలివాళ్ళయ్యేసరికి పొలారిస్ ఈ చుట్టులో అతి మంచి ధ్రువ నక్షత్రంగా ఉంటుంది, ఆ తర్వాత దూరమవడం మొదలు.

ఇప్పుడు వెనక్కి. సప్తర్షి మండలానికీ పొలారిస్‌కీ మధ్యలో తుబాన్ అనే మసక చుక్క ఉంది, ప్రకాశం పొలారిస్‌లో నాలుగో వంతు కూడా లేదు, ఊళ్ళో దీపాల మధ్య అసలు కనపడదు. రేఖాంశం 157.46. 90 దాటి 67.46 డిగ్రీలు పోయింది. గుణిస్తే 4,830 ఏళ్ళు. 2000లోంచి తీసేస్తే క్రీస్తుపూర్వం 2830 ప్రాంతం. విక్షేపం 66.36, అంటే వృత్తానికి దాదాపు ఆనుకునే ఉంది. హరప్పా నగరాలు పెరుగుతున్న రోజుల్లో ఆకాశం ఈ చుక్క చుట్టూ తిరిగింది, అదీ ఇవాళ్టి పొలారిస్ కంటే పద్ధతిగా. సాఫ్ట్‌వేర్‌లో వెనక్కి పోయి చూడాలనుకుంటే ఒక జాగ్రత్త. ఖగోళ లెక్కల్లో సున్నా సంవత్సరం ఉంటుంది, చరిత్ర పుస్తకాల్లో ఉండదు. అందుకే క్రీస్తుపూర్వం 2830కి -2829 అని కొట్టాలి. ఇంత పెద్ద లెక్కలో ఏడాది తేడాతో మునిగేదేమీ లేదనుకోండి.

తర్వాతది కొచాబ్. రేఖాంశం 133.3, అదే పద్ధతిలో క్రీస్తుపూర్వం 1100 వస్తుంది. కానీ విక్షేపం 73, అంటే వృత్తం నుంచి దాదాపు 7 డిగ్రీలు లోపలికి ఉంది. అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా ముక్కాలు పిడికిలి దూరం. అది రాత్రంతా 14 డిగ్రీల వెడల్పు చక్రం కొడుతుంది, ఎవరికైనా తెలిసిపోతుంది. రెండో అంకెను చూడకుండా మొదటి అంకెతోనే ఆగిపోతే పొరపాటు జరిగేది ఇలాంటి చోటే. 90 డిగ్రీలకి వచ్చే నక్షత్రాలు బోలెడు, విక్షేపం 66.5కి దగ్గరగా ఉన్నవాటికే పదవి దక్కుతుంది.

ముందుకి పోతే పొలారిస్ తర్వాత వంతు ఎర్రాయిది. పేరు చూసి ఎర్ర రాయి అనుకోకండి, అరబ్బీలో గొర్రెల కాపరి అని. సుమారు 3000 నాటికి పొలారిస్ కంటే అదే ధ్రువానికి దగ్గరవుతుంది, 4000 దాటాక అతి దగ్గరగా, రెండు డిగ్రీల దూరంలోకి వస్తుంది. 7500 ప్రాంతంలో ఆల్డెరమిన్. ఇవి రెండూ గుర్తుపట్టడానికి కూడా కాస్త కష్టపడాల్సిన చుక్కలు. అసలు అందగాడు ఆ తర్వాత వస్తాడు, అభిజిత్తు, పాశ్చాత్యుల వేగా. రేఖాంశం 285.3, 90కి చేరాలంటే 360 దాటి మళ్ళీ మొదటి నుంచి నడవాలి, మొత్తం 164.7 డిగ్రీలు. దాదాపు 11,800 ఏళ్ళు, అంటే 13,800 ప్రాంతం. విక్షేపం 61.7 కాబట్టి దూరం దాదాపు 5 డిగ్రీలు, గురి అంత బాగా లేదు. అయినా ఆకాశంలో అయిదో పెద్ద ప్రకాశం దానిది, ధగధగలాడుతూ ఉత్తరం చూపిస్తుంది. ఆ రోజుల్లో మన పొలారిస్ ధ్రువానికి 47 డిగ్రీల దూరంలో, మామూలు చుక్కల్లాగే పొద్దున్నో సాయంత్రమో ఈశాన్యంలో ఉదయించి వాయవ్యంలో అస్తమిస్తుంది.

పంచాంగం అలవాటున్నవాళ్ళు ఇక్కడ పడే గుంట ఒకటుంది. మన పంచాంగాల్లో గ్రహస్ఫుటాలు నిరయన పద్ధతిలో, అంటే విషువ బిందువు నుంచి కాకుండా నక్షత్రాల మధ్య ఒక స్థిరమైన చోటి నుంచి లెక్కిస్తారు. ఆ పద్ధతిలో నక్షత్రం రేఖాంశం మారనే మారదు, మారేది అయనాంశ, అంటే ఆ స్థిరమైన చోటికీ విషువ బిందువుకీ మధ్య దూరం. 2025 నాటికి అది సుమారు 24 డిగ్రీల 13 నిమిషాలు. పంచాంగం అంకెను తీసుకుని 90తో పోలిస్తే పదిహేడు వందల ఏళ్ళు తప్పు వస్తుంది, ముందు అయనాంశ కలపాలి.

ఈ తేడా కేవలం జ్యోతిషుల గొడవ కాదు, గుంటూరు జిల్లా రైతు నోట్లో ఉన్నదే. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయి అంటాం. కార్తెలు నక్షత్రాలని బట్టి నడుస్తాయి, ఎండలు ఇరుసు వాలుని బట్టి నడుస్తాయి. ఇరుసు వాలే దిక్కు నక్షత్రాల మధ్య జరిగిపోతుంటే కార్తెలు కూడా రుతువుల మీద జారిపోతుంటాయి, సుమారు 72 ఏళ్ళకి ఒక రోజు చొప్పున. ఇప్పుడు రోహిణీ కార్తె మే 25 ప్రాంతంలో వస్తోంది, ఎండలకి సరిగ్గా సరిపోతోంది. తుబాన్ ధ్రువంగా ఉన్నప్పుడు అదే కార్తె ఇప్పటి మార్చి మూడో వారంతో సమానమైన రోజుల్లో పడేది, అప్పటికి రోళ్ళేమీ పగలవు, మామిడి పిందెలు ఉంటాయేమో. ఇంకో రెండు వేల ఏళ్ళకి రోహిణి జూన్ 22కి జారుతుంది, అప్పటికి తొలకరి పడి దుక్కులు మొదలవుతాయి. ఈ సామెత ఎప్పటిదో తెలియకపోయినా, మరీ పాతది కాదని మాత్రం ఆకాశం చెబుతోంది. సంక్రాంతి కూడా అంతే. అసలు ఉత్తరాయణం డిసెంబరు 21, 22 ప్రాంతంలో మొదలైపోతే మనం జనవరి 14నో 15నో పండగ చేసుకుంటున్నాం. రెండూ ఒకే రోజు పడింది మూడో శతాబ్దం చివర్లో. ధ్రువ నక్షత్రాన్ని మార్చే కదలికే సంక్రాంతినీ జరుపుతోంది.

ఇక పెళ్ళి మంత్రం దగ్గరికి. ఇంట్లో జరిగే పెళ్ళి లాంటి సంస్కారాలు ఎలా చెయ్యాలో చెప్పే పాత గ్రంథాలు గృహ్యసూత్రాలు, వాటిల్లో పెళ్ళికూతురికి ధ్రువుణ్ణి చూపించాలని ఉంది. జర్మన్ పండితుడు హెర్మన్ యాకోబి 1890లలో ఇక్కడొక వాదన లేవదీశాడు. కదలని చుక్క అని అన్నారంటే నిజంగా కదలని చుక్క ఉన్న కాలంలోనే ఆ ఆచారం పుట్టి ఉండాలి, అలాంటిది తుబాన్ ఒక్కటే, కాబట్టి ఆచారం క్రీస్తుపూర్వం 2800 ప్రాంతంది అని. వినడానికి బాగుంది. ఇబ్బంది ఏమిటంటే, గృహ్యసూత్రాలు రాసింది క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్దిలో అని పండితులు ఎక్కువమంది అంటారు. క్రీస్తుపూర్వం 500 తీసుకుంటే, అప్పటికి తుబాన్ ఎప్పుడో పక్కకి పోయింది, పొలారిస్ ఇంకా 14, 15 డిగ్రీల దూరంలో ఉంది, కాస్త దగ్గరున్నది కొచాబ్, అదీ 7 డిగ్రీల పైనే. మరి అప్పటి పురోహితుడు దేన్ని చూపించాడు? పాత ఆచారాన్ని పట్టుకుని ఏదో ఒక ఉత్తరపు చుక్కని చూపించాడా, లేక దగ్గరలో ఉన్న చుక్క చాల్లే అనుకున్నాడా? పెళ్ళి మండపంలో డిగ్రీలు ఎవరూ కొలవరు. ఇవాళ పగటిపూట ఎండలోకి వేలు చూపించి సరిపెడుతున్నవాళ్ళం, అప్పటివాళ్ళు ఏడు డిగ్రీలు చూసీ చూడనట్టు వదిలేసి ఉండరని ఎలా చెబుతాం? యాకోబి వాదన బలహీనమైంది ఇక్కడే. చుక్క లెక్క సరైనదే, దాని మీద మనుషుల తేదీ నిలబెట్టడమే కష్టం.

అరుంధతి కథ ఇంతకంటే ఆసక్తిగా ఉంటుంది. ఇప్పుడు విజయవాడ నుంచి చూస్తే వసిష్ఠుడూ అరుంధతీ ఉదయించి అస్తమించే చుక్కలు. కార్తీకంలో సాయంత్రం ముహూర్తం పెట్టుకుంటే ఆ జంట నేల కిందే ఉంటుంది, ఎంత చీకటి ఊరైనా కనపడదు, తెల్లవారుజాము దాకా ఆగాలి. తుబాన్ రోజుల్లో వాళ్ళు ధ్రువానికి పది డిగ్రీల దూరంలోనే ఉండేవారు. కృష్ణ ఒడ్డున ధ్రువం 16.5 డిగ్రీల ఎత్తులో ఉంటుంది కాబట్టి, వాళ్ళు చక్రంలో అడుగుకి వచ్చినప్పుడు కూడా నేలకి ఆరు డిగ్రీల పైనే ఉండేవారు. ఏ నెలలో ఏ రాత్రి పెళ్ళయినా, మబ్బు లేకపోతే, అరుంధతి ఖాయంగా కనిపించేది.

ఈ లెక్కలకి హద్దులున్నాయి. ఇరుసు వాలు సరిగ్గా 23.4 దగ్గరే ఆగదు, సుమారు 41,000 ఏళ్ళకొకసారి 22.1కీ 24.5కీ మధ్య ఊగుతుంది, అందుకే వృత్తం రెండోసారి గీసినప్పుడు మొదటి గీత మీద సరిగ్గా పడదు. చంద్రుడి కక్ష్య 18.6 ఏళ్ళకొకసారి తిరగడం వల్ల గీత మీద సన్నటి వణుకు కూడా ఉంటుంది, దాన్ని జేమ్స్ బ్రాడ్లీ 1748లో ప్రకటించాడు. నక్షత్రాలు కూడా తమంతట తాము కొద్దికొద్దిగా జరుగుతాయి. ఐదారు వేల ఏళ్ళ లోపు చిత్తు లెక్క నమ్మొచ్చు, 13,800 లాంటి అంకెని వంద రెండు వందల ఏళ్ళు అటూఇటూగా తీసుకోవాలి.

డాబా మీది పైపుని ఈసారి పొలారిస్‌కి కాకుండా ఖాళీగా ఉన్న ధ్రువ బిందువుకే గురిపెట్టి సిమెంటుతో బిగించేశామనుకుందాం. నక్షత్రాల మధ్య ధ్రువం ఏడాదికి 20 సెకన్లు జరుగుతుంది, సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. డెబ్బై ఏళ్ళకి 23 నిమిషాలు, చందమామ వెడల్పు కంటే తక్కువే. తాత బిగించిన పైపులోంచి మనవడు చూస్తే ఆ చిన్న ముక్క ఆకాశంలో మసక చుక్కలు ముక్కాలు చందమామంత పక్కకి జరిగి ఉంటాయి, పైపు మాత్రం ఇంకా ధ్రువం వైపే చూస్తూ ఉంటుంది. గుంటూరు నల్లరేగడిలో పునాది సరిగ్గా వెయ్యని ఇల్లయితే ఈలోగా డాబాయే అంతకంటే ఎక్కువ ఒరిగి ఉండొచ్చు.